నెలకి వెయ్యి అలవెన్స్ కన్నా లెక్క చూపించి తీసుకునే పర్ డియమే నయం

ఆఫర్ లెటర్లో ట్రావెల్ అలవెన్స్ నెలకి 1000 డాలర్లు అని కనిపిస్తే మనవాళ్ళు చాలామంది సంబరపడిపోతారు, బిల్లులు దాచే గోల లేదు కదా అని. నాకైతే ఆ వెయ్యి మీద అంత మోజు లేదు. అమెరికాలో లెక్క అడగకుండా చేతిలో పెట్టే డబ్బుకి ఏ పేరు పెట్టినా అక్కడి పన్నుల శాఖ ఐఆర్ఎస్ దాన్ని జీతంగానే చూస్తుంది.

డాలస్‌లో ఉండి 22 శాతం శ్లాబులో ఉన్న మనిషినే తీసుకోండి. ఆ వెయ్యిలో ఫెడరల్ టాక్స్‌కి 220, సోషల్ సెక్యూరిటీకీ మెడికేర్‌కీ కలిపి మామూలుగా 76.50 పోతే చివరికి మిగిలేది 703.50. టెక్సస్‌లో స్టేట్ టాక్స్ లేదు కాబట్టి ఆ మాత్రమైనా మిగిలింది. పైగా హోటలూ ఫ్లైటూ అందులోంచే పెట్టుకుని, ఆ ఖర్చుని మన రిటర్న్‌లో తగ్గించుకుందామంటే కుదరదు, మామూలు ఉద్యోగులకి ఆ ఫెడరల్ డిడక్షన్ 2018 నుంచి ఆగిపోయింది, 2025 చట్టంతో శాశ్వతంగానే పోయింది.

అదే కంపెనీ అకౌంటబుల్ ప్లాన్ కింద, అంటే ఖర్చుకి లెక్క చూపించమని అడిగి ఇస్తే కథ వేరు. సోమవారం వెళ్ళి గురువారం తిరిగొచ్చే ట్రిప్ అనుకుందాం. హోటలూ ఫ్లైటూ బిల్లు ప్రకారం ఇచ్చేస్తారు. తిండికి రోజుకింత అని ఇచ్చేదే పర్ డియమ్, 2025లో ప్రత్యేక రేటు లేని ఊళ్ళకి దాని ఫెడరల్ రేటు రోజుకి 68 డాలర్లు, వెళ్ళిన రోజూ వచ్చిన రోజూ అందులో ముప్పావు వంతు అంటే 51, మొత్తం 238. దీని మీద టాక్స్ లేదు, డబ్ల్యూ-2 జీతంలో కలవదు. తిండి బిల్లులు కూడా అక్కర్లేదు, ఏ తేదీ, ఏ ఊరు, ఏ పని మీద వెళ్ళామో 60 రోజుల్లోపు రాసిచ్చేస్తే చాలు. ఇంట్లోంచి తెచ్చుకున్న పులిహోరతో ఒక పూట గడిపేసినా ఆ 238 మనదే! కంపెనీ ఫెడరల్ రేటు కన్నా ఎక్కువ ఇస్తే మాత్రం ఆ ఎక్కువ భాగం జీతంలో కలుస్తుంది.

ఇక కొన్ని కన్సల్టెన్సీలు చేసే పని నాకు అస్సలు నచ్చదు. ఇవ్వాల్సిన జీతంలోంచే కొంత కోసి దానికే పర్ డియమ్ అని పేరు పెడతాయి, టాక్స్ తగ్గుతుందిగా అంటాయి. అలా పేరు మార్చి ఇచ్చేది టాక్స్ కట్టాల్సిన జీతమే అని ఐఆర్ఎస్ 2012లోనే రూలింగ్ ఇచ్చింది. హెచ్-1బీ వాళ్ళకైతే ఇది ఇంకా ఇబ్బంది, పేరోల్లో జీతంగా చూపించని డబ్బు, వీసా కోసం కంపెనీ లేబర్ డిపార్ట్‌మెంట్‌కి ఇచ్చే ఎల్‌సీఏలో రాసిన జీతం లెక్కలోకి రాదు.

ఇంకో మెలిక ఏడాది రూలు. ఒకే ఊళ్ళో ప్రాజెక్టు ఏడాది లోపే అయిపోతుందని నిజంగా అనుకుని వెళ్తేనే పర్ డియమ్‌కి టాక్స్ ఉండదు, అదీ వెనక సొంత ఊళ్ళో అసలు పని చోటు ఉంటేనే. పది నెలలని వెళ్ళాక ఎనిమిదో నెలలో క్లయింటు పద్దెనిమిది నెలలకి పొడిగించాడనుకోండి, ఆ మాట తెలిసిన రోజు నుంచి వచ్చే పర్ డియమ్ జీతం కిందే లెక్క, పేరోల్ వాళ్ళకి ఆ ఈమెయిల్ ఆ వారమే పంపించేయండి.