కావడి తెలిసినవాడు ఈ లెక్క తప్పడు

నెల్లూరు, ఒంగోలు కోచింగుల బట్టీ చదువు మంచిదా చెడ్డదా అన్న చర్చ పాతదే, దాన్ని మళ్లీ తవ్వను. ఒక్క లెక్క మాత్రం చూపిస్తాను.

మొన్న ఒంగోలులో మా బంధువుల అబ్బాయి, కెమికల్ ఇంజినీరింగ్ మూడో ఏడాది, ఈ లెక్క చేస్తూ కనిపించాడు. బెంజీన్, టోలీన్ చెరి సగం ఉన్న 100 మోల్స్ మిశ్రమాన్ని వాతావరణ పీడనం దగ్గర 95 డిగ్రీల సెల్సియస్‌లో ఉంచితే ద్రవమెంత, ఆవిరెంత? ఉష్ణోగ్రత-సంఘటనం పటంలో 95 దగ్గర అడ్డంగా టై లైన్ గీశాడు. అది ద్రవ రేఖను 0.40 దగ్గర, ఆవిరి రేఖను 0.63 దగ్గర తాకింది. ఇవి ద్రవంలో, ఆవిరిలో బెంజీన్ మోల్ భిన్నాలు. మన మిశ్రమం వాటి మధ్య 0.50 దగ్గర ఉంది. ద్రవం వైపు చేయి, అంటే అటువైపు దూరం, 0.10, ఆవిరి వైపు 0.13, మొత్తం 0.23. ఇంతవరకూ బాగుంది. ద్రవం వైపుది 0.10 కదా అని దాన్నే 0.23తో భాగించి ద్రవం 43 మోల్స్ అని రాసేశాడు.

కావడి మోసేవాళ్లను చూసినవాడెవడూ అలా రాయడు. ఒక బిందె బరువైతే భుజం ఆ వైపుకే జరుగుతుంది, అటు బద్ద పొట్టిదవుతుంది. ఇక్కడ భుజం 0.50, అది 0.40కే దగ్గర. కాబట్టి ద్రవమే ఎక్కువ: అవతలి చేయి 0.13ను 0.23తో భాగిస్తే సుమారు 57 మోల్స్. ఆవిరి 43.

దీన్నే లీవర్ నియమం అంటారు. నిజానికి ఇది విడిగా ఒక సూత్రమే కాదు, బెంజీన్ జమాఖర్చు. 57 మోల్స్ ద్రవంలో సుమారు 23, 43 మోల్స్ ఆవిరిలో 27, వెరసి మనం పోసిన 50. అబ్బాయి లెక్క ప్రకారం ద్రవంలో 17, ఆవిరిలో 36, వెరసి 53. ఆ మూడు మోల్స్ బెంజీన్ ఎక్కడినుంచి ఊడిపడింది?

గేట్‌లో మూడు గంటలకు 65 ప్రశ్నలు, సరిచూసే తీరికెక్కడిదని లెక్చరర్లు అంటారు. ఈ కూడికకు అర నిమిషం చాలు. అసలు జబ్బు ఆప్షన్లది. ప్రశ్న తయారుచేసేవాడు తిరగేసిన జవాబునూ నాలుగింటిలో ఒకటిగా పెడతాడు. అది కనిపించగానే పిల్లవాడికి ధైర్యమొస్తుంది, ఇక కూడి చూడడు. సరిచూసుకునే అలవాటును మనమే ఇలా చంపేశాం.

తప్పు దిద్ది, ఇదే మిశ్రమానికి 90 డిగ్రీల దగ్గర చెయ్యమన్నాను. అక్కడ రేఖలు 0.58, 0.77. ఈసారి చేతులు సరిగ్గానే తీసుకున్నాడు, ఆవిరి భాగం మైనస్ 0.42 వచ్చింది. ఈ మిశ్రమం సుమారు 92 డిగ్రీలకు గానీ మరగడం మొదలుపెట్టదు. 90 దగ్గర అంతా ద్రవమే, మన బిందువు రెండు రేఖల మధ్య లేదు, లీవర్ నియమం అక్కడ పనికిరాదు. ఆ మైనస్ చెబుతున్నది అదే.

అబ్బాయి మైనస్ చెరిపేసి, ఆవిరి 42 మోల్స్ అని రాశాడు.