సవరణ: స్లీపర్ టికెట్ రద్దులో నా లెక్క తప్పు

“మీరు రాసినట్టు ప్రయాణానికి 20 గంటల ముందు మూడు స్లీపర్ టికెట్లు రద్దు చేశాను. 585 రూపాయలు వస్తాయనుకుంటే 420 మాత్రమే వచ్చాయి. ఎందుకు?”

తప్పు నాదే. నిరుడు, అంటే 2025లో, రాసిన టపాలో 48 గంటల నుంచి 12 గంటల ముందు వరకు రద్దు చేస్తే 25 శాతమే పోతుందన్నాను. సగమే చెప్పాను. 2015 నవంబరు నాటి నిబంధనల్లో ఆ 25 శాతానికి ఒక కనీస మొత్తం ఉండేది. కన్ఫర్మ్ అయిన స్లీపర్ టికెట్‌కు అది మనిషికి 120 రూపాయలు.

మీ టికెట్ ఒక్కోటి 260 రూపాయలు. అందులో 25 శాతం 65. అది 120 కన్నా తక్కువ కాబట్టి 120 పట్టుకున్నారు. ముగ్గురికి 360 పోగా 780లో మిగిలింది 420. నేను తలకు 65 చొప్పునే తీసేశాను.

నిజానికి ఆ నిబంధనల ప్రకారం 48 గంటల కన్నా ముందే రద్దు చేసి ఉన్నా మీకు ఆ 120 రూపాయలు పోయేవే. ఛార్జీ 480 దాటితేనే 25 శాతం లెక్క పనిచేసేది. 12 గంటల లోపు, 4 గంటల ముందు వరకు అయితే సగం కోత ఉండేది. మీకైతే తలకు 130, అంటే పది రూపాయలే ఎక్కువ! ప్రయాణానికి 4 గంటల కన్నా తక్కువ సమయం ఉంటే కన్ఫర్మ్ టికెట్‌పై పైసా వచ్చేది కాదు. తత్కాల్ కన్ఫర్మ్ టికెట్‌కు ఈ లెక్కలేవీ వర్తించవు, ఎప్పుడు రద్దు చేసినా వాపసు లేదు.

పాత టపాలోని పట్టికను సరిదిద్దాను.