ఓటీపీ కొట్టినా డబ్బు వెనక్కి పోయింది

విశాఖ పెదవాల్తేరులో ఇంటి నుంచే ఏటికొప్పాక లక్క బొమ్మలు అమ్మే స్నేహితురాలు ఒకరోజు కంగారుగా ఫోన్ చేసింది. హైదరాబాద్ ఆర్డర్ ఒకటి, 18,400 రూపాయలు, క్రెడిట్ కార్డుతో కట్టారు. కార్డు డబ్బును తీసుకుని వ్యాపారి ఖాతాకు చేర్చే పేమెంట్ గేట్‌వే తన 2 శాతం చార్జీ, దాని మీద జీఎస్టీ కలిపి 434 రూపాయలు మినహాయించుకుని మిగతాది ఖాతాలో వేసింది. నలభై రోజుల తర్వాత ఆ రోజు రావాల్సిన సెటిల్‌మెంట్లో పూర్తి 18,400 కోసేసుకుంది. చార్జీ మాత్రం తిరిగి ఇవ్వలేదు. 'ఓటీపీ కొట్టి కట్టిన డబ్బును ఎలా లాక్కుంటారు?' అన్నది ఆమె ప్రశ్న.

మన చిన్న వ్యాపారుల్లో చాలామంది పొరబడేది ఇక్కడే. కట్టింది కార్డు యజమానే అని చెప్పడం వరకే ఓటీపీ పని. 'ఈ లావాదేవీ నేను చేయలేదు' అని కస్టమర్ ఫిర్యాదు చేస్తే ఓటీపీ వ్యాపారిని చాలావరకు కాపాడుతుంది, ఆ నష్టం సాధారణంగా కార్డిచ్చిన బ్యాంకు మీద పడుతుంది. 'కట్టింది నేనే, సరుకు రాలేదు' అంటే మాత్రం ఓటీపీ అక్కరకు రాదు. వీసాలో ఈ రెండింటికీ వేర్వేరు కోడ్లున్నాయి: మొదటిది 10.4, రెండోది 13.1. కస్టమర్ ఫిర్యాదు గురించి మా స్నేహితురాలికి గేట్‌వే నుంచి వచ్చిన మెయిల్లో ఉన్నది 13.1. ఆమె ఆ అంకె చూడనేలేదు. (గేట్‌వేలు దాన్ని మెయిల్ అడుగున చిన్న అక్షరాల్లో పడేస్తాయి, అది వాళ్ల తప్పే.)

ఆ ఫిర్యాదుకు జవాబుగా గడువులోపు ఆమె పంపినవి ఓటీపీ సక్సెస్ స్క్రీన్‌షాట్, బిల్లు, 'డెలివర్డ్' అని చూపే కొరియర్ పేజీ. ఆ పేజీలో ఊరి పేరే ఉంది. ఫ్లాట్ నంబరు, తీసుకున్నవాళ్ల సంతకం లేవు. బ్యాంకు ఒప్పుకోలేదు. ఆ మూడింటి బదులు పూర్తి చిరునామా, సంతకం ఉన్న డెలివరీ రసీదును కొరియర్ ఆఫీసు నుంచి తెప్పించి పంపి ఉంటే కేసు నిలిచేదని నా అంచనా.

ఇలాంటప్పుడు గొడవెందుకని కస్టమర్‌కు యూపీఐలో డబ్బు పంపేస్తారు కొందరు. డిస్ప్యూట్ నడుస్తుండగా అది ప్రమాదం. కార్డు మీద వచ్చిన ఫిర్యాదు దాని దారిన అది సాగుతుంది, అక్కడ ఓడితే రెండుసార్లు కట్టినట్టే. డిస్ప్యూట్ రాకముందు రీఫండ్ చేయాలనుకుంటే గేట్‌వే ద్వారా అదే కార్డుకు చేయాలి.

ఇందులో కస్టమర్ మోసగత్తె కూడా కాదు. ఆ వారం ఆమె ఊళ్లో లేదు, పెట్టెను వాచ్‌మన్ పక్క ఫ్లాట్‌లో ఇచ్చి మరిచిపోయాడు. కేసు ముగిశాక అది దొరికింది. పెట్టె అందిందన్న మాట గడువులోపే ఆ కస్టమర్ తన బ్యాంకుకు రాసిచ్చి ఉంటే అంతకు మించిన సాక్ష్యం ఉండేది కాదు. తర్వాత ఆవిడే ఫోన్ చేసి, 'మీ యూపీఐ నంబరు చెప్పండమ్మా' అని అడిగింది.