పాత పుస్తకాల్ని బ్లాక్ అండ్ వైట్‌లో స్కాన్ చేయడం ఇక ఆపండి

పాత పుస్తకాల స్కాన్లు చదివేవాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు, పేజీలో మరక ఉన్నచోట అక్షరాలన్నీ నల్ల ముద్దయిపోయుంటాయి, లేదా క్లీన్ చేశామంటూ మరకతో పాటు సగం అక్షరం కూడా లేపేసుంటారు. దీనికి మరకని తిట్టి లాభం లేదు, స్కాన్ చేసేటప్పుడే రంగు పారేసినవాళ్లని అడగాలి.

ఎందుకంటే మరకనీ అక్షరాన్నీ విడదీసేది ఆ రంగే. పేజీ మూలన టీ రంగు మరక ఉందనుకోండి. కలర్ స్కాన్‌లో ప్రతి చుక్కకీ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు అంకెలుంటాయి, ఒక్కో రంగు అంకెల్ని విడిగా తీస్తే అదొక చానెల్. అందులో 0 అంటే నలుపు, 255 అంటే తెలుపు. నీలం చానెల్‌లో కాగితం 210, మరక 110, అక్షరం 50 అలా ఉంటే అదే పేజీ ఎరుపు చానెల్‌లో కాగితం 235, మరక 205, అక్షరం 55 ఉంటుంది, అంటే మరక దాదాపు కాగితంలో కలిసిపోయింది, అక్షరం మాత్రం అలాగే ఉంది. ఇప్పుడు 150 దగ్గర గీత గీసి కింద ఉన్నదంతా నలుపు, పైన ఉన్నదంతా తెలుపు అంటే అక్షరాలే మిగులుతాయి. నీలంలో అదే 150 పెడితే మరక మొత్తం నల్లబడుద్ది, పోనీ అని 80కి దించితే పేజీలో మిగతాచోట పల్చగా అచ్చయిన గీతలు తెగిపోతాయి. గింప్ అనే ఉచిత ఫొటో ఎడిటర్‌లో Colors > Components > Decompose కొడితే మూడు చానెల్సూ విడివిడిగా వచ్చేస్తాయి. నీలం సిరా చుక్క పడితే నీలం చానెల్, ఎర్ర సిరా అయితే ఎరుపు చానెల్ తీసుకోవాలి.

మడత నీడకి రంగు ఉండదు కాబట్టి ఈ పని కుదరదు. కానీ నీడ మెల్లగా ముదురుతుంది, అక్షరం అంచు ఒక్కసారిగా మారుతుంది. పేజీ లేయర్‌కి కాపీ తీసి, అక్షరం సైజు దాటేలా (300 డీపీఐలో 50 పిక్సెల్స్ అలా) బ్లర్ చేసి, ఆ కాపీని పైన Divide మోడ్‌లో పెడితే నీడ చాలావరకు పోతుంది. సరిగ్గా మడత గీత మీద మాత్రం చార మిగులుద్ది, అక్కడ పేజీని 180 డిగ్రీలు తిప్పి మళ్లీ స్కాన్ చేస్తే లైట్ అటువైపు నుంచి పడి ఆ గీత తేలికపడొచ్చు.

ఫైల్ సైజు పెరుగుతుంది కదా, చదవడానికొస్తే చాలదా అంటారు. చదివే కాపీ ఎంత చిన్నదైనా చేసుకోండి, కానీ అది కలర్ ఒరిజినల్ నుంచి చెయ్యండి, ఆ ఒరిజినల్ దాచండి.

చుక్కలు తీసే డీస్పెకల్ ఫిల్టర్ని మాత్రం అస్సలు నమ్మొద్దు. 'బాధ'లో ధ కింద ఉండే చిన్న గీత దానికి మురికిలాగే కనిపిస్తుంది, తీసేస్తే 'బాద' మిగులుతుంది. క్లీన్ చేసిన పేజీని, చానెల్ నుంచి తీసిన పేజీ మీద, రెండిటి మధ్య తేడాని చూపించే Difference మోడ్‌లో పెట్టి చూడండి, పొట్టి గీతలు, గుండ్రటి ముక్కలు మెరుస్తుంటే అక్షరాలు పోయాయన్నమాటే.

ఇక నల్ల అచ్చు మీద నల్ల సిరా పడితే ఏ చానెలూ ఆదుకోదు. అలాంటిచోట పేజీలో ఇంకోచోట నుంచి అదే అక్షరాన్ని తెచ్చి అతికిస్తున్నారు, అది రిపేరు కాదు, పాఠాన్నే మార్చడం. 2013లో జెరాక్స్ కంపెనీ స్కానర్లు కొన్ని ఫైల్ కుదించే క్రమంలో ఒకేలా ఉన్నాయని 6 బదులు 8 పెట్టేసిన సంగతి బయటపడింది, పేజీ చూడ్డానికి శుభ్రంగానే ఉంది, అంకె మాత్రం తప్పు. అందుకే ఆ చుక్కని అలాగే వదిలెయ్యాలి, కింద ఏముందో ఇంకో ప్రతి దొరికినవాళ్లు చెప్తారు.