బాధ్యత: సంబంధితులు

మా బడిలో సంతకాలు ముందు, మినిట్స్ తర్వాత. నాలుగుంపావుకి లాంగ్ బెల్, నాలుగూ నలభై అయిదుకి బస్సు. ఈ అరగంటలోనే ఎస్‌ఏ-1 పరీక్షల టైం టేబులూ, ఇన్విజిలేషన్ డ్యూటీలూ, ఎవరి పని ఏదన్నదీ తేలిపోవాలి. అందుకని మినిట్స్ పుస్తకంలో ఖాళీ పేజీ తెరిచి, అందరూ సంతకాలు గీకేసి బస్సుకి పరిగెత్తుతారు. తీరిగ్గా కూర్చుని పైభాగం నింపేది తెలుగు చెప్పేవాడు, అంటే నేను.

ఈ పద్ధతికి ఒకటే షరతు. మొదటి సంతకం పేజీ అడుగున పడాలి. ఈసారి పుస్తకం ముందుగా పీడీ సారు చేతికి వెళ్లింది. ఆయన ఇరవై ఆరు గీతల పేజీలో పదో గీత మీద సంతకం చేశారు. గ్రౌండులో మొదటివాడు ఎక్కడ నిలబడితే వరస అక్కణ్నుంచే మొదలవుతుంది కదా, మిగతావాళ్లూ దాని కిందే కట్టారు. హిందీ పండిట్ గారి సంతకం ఒక్కటే మూడు గీతలు తింది. పేరు, పేరు కింద అడ్డగీత, దాని కింద రెండు చుక్కలు, ఆ చుక్కలు ఎందుకో ఆయనకీ తెలియదు.

నాకు మిగిలినవి తొమ్మిది గీతలు. తేదీ, సమయం, హాజరైనవారు అనేసరికి మూడు పోయాయి. తర్వాత టైం టేబులు. అది పైనుంచి అచ్చయి వచ్చింది, అందులో కామా కూడా మార్చే హక్కు మాకు లేదు. అయినా 'కూలంకషంగా చర్చించి ఏకగ్రీవంగా తీర్మానించడమైనది' అని రాయకపోతే తనిఖీకి వచ్చినవాళ్లు ఊరుకోరు. ఇంకో మూడు గీతలు.

ఇన్విజిలేషన్‌కి రెండు గీతలు ఇచ్చాను. పొద్దున పూట 125 మంది పిల్లలు, బెంచీకి ఇద్దరు చొప్పున గదికి 24 మంది. ఐదు గదులు నిండాక ఐదుగురు మిగిలారు. ఆ ఐదుగురి కోసం ఆరో గది తెరవాలి, దానికో మనిషిని వేయాలి. ఇన్విజిలేటర్లు ఆరుగురు, టీకి వెళ్లేవాళ్ల స్థానంలో నిలబడ్డానికి రిలీవరు ఒకరు. ఎనిమిది మందిమి, అందులో ఒకరు సెలవు. లెక్క సరిగ్గా సరిపోయింది. ఎవరి సబ్జెక్టు రోజు వాళ్లని గదిలో వేయకూడదు గనక, ఆ రోజుకి వాళ్లే రిలీవరు. లెక్కల రోజు లెక్కల మాస్టారే గదిలో కూర్చుంటే పిల్లలు కాగితంలోకి చూడరు, ఆయన మొహంలోకి చూస్తారు.

ఇక ఒక్క గీత. దాని మీద మూడు పనులు ఎక్కాలి: మండల వనరుల కేంద్రమైన ఎమ్మార్సీ నుంచి ప్రశ్నపత్రాలు తేవడం, బెంచీలకు నంబర్లు వేయడం, అడిషనల్ షీట్లు కట్టలు కట్టడం. ఇలాంటి పనికి పేరు, టైం, చోటు, ఆ మనిషి రాకపోతే ఇంకో పేరు, ఇన్ని రాస్తేగాని పని జరగదు. అంత చోటు ఎక్కడిది? పొట్టిగా ఉంటుందని 'ఎస్‌ఏలు' అని రాయబోయాను. ఎస్‌ఏ అంటే పరీక్షా, స్కూల్ అసిస్టెంటా అని పేచీ వస్తుందని కొట్టేసి, 'బాధ్యత: సంబంధితులు' అని రాశాను. అప్పుడు ఎంత తృప్తిగా అనిపించిందో! ఆ మాటలో అందరూ పడతారు, ఎవరూ దొరకరు.

పరీక్ష తొమ్మిదిన్నరకి. ఏ రోజు పేపరు ఆ రోజు పొద్దునే ఎమ్మార్సీలో తీసుకోవాలి. తొమ్మిదింటికి స్టాఫ్ రూములో ఏడుగురం ఉన్నాం, పేపర్లు లేవు. హెచ్చెమ్ గారు పుస్తకం తెప్పించి పైకే చదివారు.

"సంబంధితులు ఎవరండీ?"

"నాది ఆరో గది సార్, ఐదుగురు పిల్లలు. నాకేం సంబంధం?" అన్నారు సోషల్ టీచరమ్మ.

"నేను నిన్నే బెంచీలు వేయించాను," అన్నారు పీడీ సారు, పదో గీత సంగతి ఎత్తకుండా.

హిందీ పండిట్ గారు మాత్రం వ్యాకరణంలోకి దిగారు. "సంబంధం ఉన్నవాడు సంబంధితుడు. ఇవాళ ఏ పేపరు?"

మొదటి రోజు ఎప్పుడూ తెలుగే. పద్నాలుగు కళ్లూ, అంటే నావి పోగా పన్నెండూ, హెచ్చెమ్ గారివి కలిపి మళ్లీ పద్నాలుగూ, నా వైపు తిరిగాయి.

బండి తీశాను. ఎమ్మార్సీలో ఆథరైజేషన్ లెటరు అడిగారు. దాని మీద బడి ముద్ర ఉండాలట. నేను ఫలానా బడి మాస్టారినని ఆ గుమాస్తాకి పదేళ్లుగా తెలుసు, పోయిన వారమే నా చేత ఇంకో ఫారం మూడు కాపీలు నింపించుకున్నాడు, అయినా ముద్ర కావాలట. పేపర్లతో బడికి చేరేసరికి పదీ ఇరవై. కట్ట విప్పితే తొమ్మిదో తరగతి తెలుగు పేపర్లు రెండు తక్కువ.

సాయంత్రం నాలుగుంపావుకి మళ్లీ అర్జెంటు మీటింగు. విషయం: బాధ్యతలు స్పష్టంగా రాసుకోవడం. నేను వెళ్లేసరికే పుస్తకం బల్ల మీద తెరిచి ఉంది. పీడీ సారు సంతకం చేసేశారు, ఏడో గీత మీద.