పిల్లికి వడదెబ్బ తగలదని ఎవరన్నారు?

“పిల్లులు ఎడారి నుంచి వచ్చినవి, ఎండ వాటికి లెక్క కాదు. నోరు తెరిచి రొప్పినా కంగారు పడొద్దు, కుక్కలూ అంతే. మరీ వేడెక్కితే ఐస్ నీళ్ళలో ముంచి తీయండి, లేదా పారాసిటమాల్ చిన్న ముక్క వెయ్యండి.”

ఎడారి మాట సగమే నిజం. వీటి పూర్వీకులు ఆఫ్రికా అడవి పిల్లులే, కానీ అవి మండుటెండలో ఏ నీడనో పడుకుని పొద్దుగూకాక వేటకి పోతాయి. పై అంతస్తు ఫ్లాట్‌లో తలుపులేసి వెళ్ళిన పిల్లి ఎక్కడికి పోతుంది? దానికి చెమట పట్టేది అరికాళ్ళ మెత్తల్లోనే, మిగతా ఒళ్ళంతా నాక్కుంటే ఆ తడి ఆరి చల్లబడాలి, విజయవాడ ఉక్కపోతలో ఆ తడి ఓ పట్టాన ఆరదు. ఫ్యాన్ మనకి హాయిగా ఉండేది మన చెమట ఆరడం వల్ల, దానికి ఉత్త ఫ్యాన్ చాలదు, తడిగుడ్డతో ఒళ్ళు తుడిచి అప్పుడు ఫ్యాన్ కింద ఉంచండి. బయటికెళ్ళేటప్పుడు కర్టెన్లు వేసి, బాత్రూమ్ తలుపు తెరిచి పెట్టండి, ఆ చల్లటి టైల్స్ మీదికి అదే వెళ్ళి పడుకుంటుంది.

రొప్పడం గురించి చెప్పింది చాలా ప్రమాదం. కుక్కకి అది మామూలే, పిల్లి ఎండ పూట ఊరికే పడుకుని నోరు తెరిచి రొప్పుతుందంటే అప్పటికే పరిస్థితి చెయ్యి దాటుతోందని. మా పక్కింటి చప్పిడి ముక్కు పర్షియన్ పోయిన మేలో కరెంటు పోయిన గదిలో ఇరుక్కుపోయింది, తలుపు తీసేసరికి చొంగ కారుతోంది, చిగుళ్ళు ఎర్రగా కందిపోయాయి, నేల మీద తడి పాదాల గుర్తులు, లేచి నిలబడబోతే వెనక కాళ్ళు తూలిపోతున్నాయి. వాంతులు, ఫిట్స్ వచ్చేదాకా ఆగలేదు కాబట్టి బతికింది. మామూలుగా పిల్లి ఒంటి వేడి 38 నుంచి 39 డిగ్రీల సెల్సియస్ చిల్లర ఉంటుంది, 40 దాటితే గండమే.

ఐస్ నీళ్ళ బకెట్ వద్దు, ముంచితే అది భయంతో గింజుకుని ఇంకా వేడెక్కుతుంది, ఊపిరాడక నీళ్ళు మింగే ప్రమాదం కూడా. కుళాయి నీళ్ళు పొట్టకీ తొడల లోపలికీ కాళ్ళకీ, బొచ్చు లోపల చర్మం తడిసేలా పట్టించి ఫ్యాన్ పెట్టండి. తడి టవల్ పైన కప్పి వదిలేయకండి, వేడి లోపలే ఉండిపోతుంది. 39.5 దగ్గరికి దిగగానే తడపడం ఆపండి, లేకపోతే మరీ చల్లబడిపోతుంది. నోట్లో బలవంతంగా నీళ్ళు పొయ్యొద్దు.

పారాసిటమాల్ మాత్రం అస్సలు, అస్సలు వద్దు!! పిల్లి లివర్ దాన్ని అరిగించుకోలేదు, రక్తం ఆక్సిజన్ మొయ్యలేని స్థితికి వచ్చి చిన్న ముక్కకే ప్రాణం పోవచ్చు. పైగా వడదెబ్బ జ్వరం కాదు, జ్వరం మందుకి తగ్గదు.

తేరుకుని తిరుగుతున్నా అదే రోజు వెటర్నరీ డాక్టర్‌కి చూపించండి, కిడ్నీలు దెబ్బతినడం, రక్తం గడ్డకట్టకపోవడం ఒకట్రెండు రోజుల తర్వాత బయటపడొచ్చు, ఈలోగా ఉచ్చ పొయ్యకపోయినా, చర్మం మీద ఎర్ర మచ్చలు కనిపించినా మళ్ళీ తీసుకెళ్ళండి.