బిల్లు ఫోటోలో ‘డిస్కౌంట్’ అని కనబడగానే ఒకే లెడ్జర్‌లో పడేయకండి

కొనుగోలు బిల్లు ఫోటో వాట్సాప్‌లో వస్తుంది. అందులో ఎక్కడో ‘డిస్కౌంట్’ అన్న మాట ఉంటుంది. ఆ మొత్తాన్ని అలాగే ‘డిస్కౌంట్ రిసీవ్డ్’ లెడ్జర్‌లోకి నెట్టేసి తర్వాతి బిల్లుకు పోవడం చాలా షాపుల్లో అలవాటైపోయింది. ఇంకొందరు దీనికి పూర్తిగా తలకిందులు. బిల్లు అడుగున ‘7 రోజుల్లో చెల్లిస్తే 2% సీడీ’ అని చూసి, ఇంకా రూపాయి కట్టకముందే ఆ రెండు శాతాన్ని కూడా కొనుగోలు ధరలోంచి తీసేస్తారు. మొదటివాళ్ల దగ్గర స్టాక్ విలువ పాడవుతుంది, రెండోవాళ్ల దగ్గర జీఎస్టీ లెక్క తప్పుతుంది. నెలకు నాలుగు బిల్లులొచ్చే షాపులో ఇది ఎవరి కంటా పడదు. నాలుగు వందలొచ్చే చోట ఏడాది చివర ఆడిటర్ ముందు కూర్చుని వెతుక్కోవాల్సిందే.

నేను చెప్పేది ఒకటే. డిస్కౌంట్‌కు బిల్లు మీద ఏ పేరు పెట్టారన్నది పక్కన పెట్టండి, అది పన్నుకు ముందు తగ్గిందా, తర్వాత తగ్గిందా చూడండి. ట్రేడ్ డిస్కౌంట్ సరుకు ధరలోనే తగ్గుతుంది, దానికీ మీరు ఎప్పుడు కడతారన్నదానికీ సంబంధం లేదు. ముందుగా కట్టినందుకు ఇచ్చే క్యాష్ డిస్కౌంట్, అంటే బిల్లు మీది ‘సీడీ’ మాత్రం, బిల్లు తయారయ్యేటప్పటికి ఇంకా జరగని విషయం. గడువులోగా డబ్బు కడితేనే వస్తుంది, కట్టకపోతే లేదు. జరగని దాన్ని పుస్తకంలో ఎలా రాస్తాం?

ఎలక్ట్రికల్ షాపు బిల్లు ఒకటి తీసుకుందాం, ఎందుకంటే వైర్లు, పైపుల వ్యాపారమంతా లిస్ట్ ప్రైస్ మీద భారీ తగ్గింపులతోనే నడుస్తుంది. వైరు కాయిల్ లిస్ట్ ధర 2,500. ఇరవై కాయిల్స్, మొత్తం 50,000. డిస్కౌంట్ కాలమ్‌లో ‘30+5’ అని ఉంది. దాని కింద ట్యాక్సబుల్ విలువ, 9 శాతం సీజీఎస్టీ, 9 శాతం ఎస్జీఎస్టీ, బిల్లు మొత్తం. అడుగున చిన్న అక్షరాల్లో ‘సీడీ 2% – 7 రోజులు’.

ఇక్కడే మొదటి గుంట ఉంది. 30+5 అంటే 35 కాదు. ముందు 30 శాతం పోతే 35,000, మిగిలినదాని మీద 5 శాతం పోతే 33,250. అంటే కలిపి 33.5 శాతం. 35 అని వేస్తే ట్యాక్సబుల్ విలువ 32,500 అవుతుంది, పన్నుతో కలిపి బిల్లు మొత్తానికి 885 రూపాయలు తేడా వస్తుంది. ఆ తేడాను ‘రౌండ్ ఆఫ్’లోకి తోసేసే మహానుభావులూ ఉన్నారు. రౌండ్ ఆఫ్ పైసల్లో ఉండాలి, వందల్లో ఉంటే ఏదో తప్పు చదివామనే అర్థం. టాలీలో డిస్కౌంట్ కాలమ్ వాడుతుంటే అందులో 33.5 అని వేయండి.

ఫోటో మసగ్గా ఉండి కాలమ్ శీర్షిక కనబడకపోతే ఏం చేయాలి? పన్ను నుంచి వెనక్కి నడవండి. సీజీఎస్టీ అంకె సాధారణంగా స్పష్టంగానే ఉంటుంది: 2,992.50. దాన్ని 0.09తో భాగిస్తే 33,250. పన్ను వేసింది ఈ మొత్తం మీదే. లిస్ట్ ధర ప్రకారం 50,000 కదా, మధ్యలో పోయిన 16,750 అంతా పన్నుకు ముందే పోయింది. కాబట్టి అది ట్రేడ్ డిస్కౌంట్, అంతే. డిస్కౌంట్ కాలమ్‌లో ‘30’ అని మాత్రమే ఉండి అది శాతమో, కాయిల్‌కు ముప్పై రూపాయలో తెలియనప్పుడు కూడా ఇదే పరీక్ష తేల్చేస్తుంది. ఫోటోలో 3, 8 కలిసిపోయినా దీనితోనే పట్టుకోవచ్చు. సాఫ్ట్‌వేర్ ఫోటోలోంచి చదివి ఇచ్చిన అంకెల్ని కూడా ఇలా వెనక్కి లెక్క కట్టి చూడకుండా సేవ్ కొట్టొద్దు.

ఇక పేరు చూసి మోసపోయే చోటు. సబ్బులు, బిస్కెట్ల డిస్ట్రిబ్యూటర్ల బిల్లుల్లో ‘స్కీమ్’, ‘సీడీ’ అని రెండు కాలమ్‌లు పక్కపక్కనే ఉంటుంటాయి, రెండూ పోయాకే ట్యాక్సబుల్ విలువ వస్తుంది. అక్కడ సీడీ అంటే క్యాష్ డిస్కౌంటే. కానీ దాన్ని బిల్లులోనే, పన్నుకు ముందే ఇచ్చేశారు. సీజీఎస్టీ చట్టం సెక్షన్ 15(3) కూడా ఇదే చెబుతుంది. సరుకు ఇచ్చేటప్పుడే లేదా అంతకుముందే ఇచ్చి, ఇన్వాయిస్‌లో చూపించిన డిస్కౌంట్ పన్ను విలువలోకి రాదు. పేరు ఏదైనా సరే. కాబట్టి మీ కొనుగోలు విలువ అది పోగా మిగిలిందే. ‘సీడీ అని ఉంది కదా’ అని దాన్ని విడిగా ఆదాయంగా రాస్తే, ఇన్‌పుట్ పన్ను ఒక విలువ మీద, కొనుగోలు ఇంకో విలువ మీద నిలబడతాయి.

మన వైరు బిల్లుకు ఎంట్రీ ఇలా పడుతుంది:

కొనుగోళ్లు – డెబిట్ 33,250.00
ఇన్‌పుట్ సీజీఎస్టీ – డెబిట్ 2,992.50
ఇన్‌పుట్ ఎస్జీఎస్టీ – డెబిట్ 2,992.50
సప్లయర్ – క్రెడిట్ 39,235.00

16,750 పుస్తకంలో ఎక్కడా కనబడదు, కనబడకూడదు. కొనుగోలు 50,000, డిస్కౌంట్ రిసీవ్డ్ 16,750 అని రాసినా లాభం ఒకటే కదా అని వాదించేవాళ్లున్నారు. సరుకంతా అమ్ముడైపోతే నికర లాభం ఒకటే, నిజమే. కానీ మార్చి 31న పన్నెండు కాయిల్స్ షెల్ఫ్ మీద మిగిలాయనుకోండి. అసలు ఖరీదు ఒక్కోటి 1,662.50. మీ సాఫ్ట్‌వేర్ మాత్రం 2,500 చొప్పున లెక్క కడుతుంది. పన్నెండు కాయిల్స్‌కు 10,050 రూపాయల లేని స్టాక్, దానితోపాటు అంతే లేని లాభం. దాని మీద ఆదాయపు పన్ను మాత్రం నిజంగానే కట్టాలి. స్టాక్ స్టేట్‌మెంట్ బ్యాంకుకు ఇచ్చే షాపైతే ఆ తప్పు అక్కడికీ వెళుతుంది.

ఇప్పుడు ఆ అడుగునున్న రెండు శాతం. బిల్లు ఎంట్రీ చేసే రోజున దాన్ని ముట్టుకోకండి. సప్లయర్ ఖాతాలో మొత్తం 39,235 నిలబడాలి. దాన్ని ముందే తీసేసి కొనుగోలును 32,585 అని రాస్తే, పన్ను 5,865.30 అవుతుంది. జీఎస్టీఆర్-2బీలో మాత్రం 5,985 వస్తుంది. 119.70 తేడా. బిల్లుకొక తేడా చొప్పున పేరుకుంటే రీకన్సిలియేషన్ చేసేవాడి పని చెప్పనక్కర్లేదు.

గడువులోగా కట్టినప్పుడు ముందు తేల్చుకోవాల్సింది ఆ రెండు శాతం దేని మీదన్నది. ట్యాక్సబుల్ విలువ మీదైతే 665. బిల్లు మొత్తం మీదైతే 784.70. చాలా బిల్లుల్లో ఈ ముక్క రాయరు, అడిగి తెలుసుకోవాలి. ఏడు రోజులు బిల్లు తేదీ నుంచా, సరుకు చేరిన రోజు నుంచా అన్నది కూడా. ట్రాన్స్‌పోర్ట్‌లో సరుకు నాలుగు రోజులు తిరిగితే ఆ ప్రశ్న చిన్నది కాదు. ట్యాక్సబుల్ విలువ మీదే అనుకుంటే:

సప్లయర్ – డెబిట్ 39,235.00
బ్యాంకు – క్రెడిట్ 38,570.00
డిస్కౌంట్ రిసీవ్డ్ – క్రెడిట్ 665.00

టాలీలో పేమెంట్ వోచర్‌కు 38,570 మాత్రమే వేసి, 665కు విడిగా జర్నల్ వేసేవాళ్లు ఎక్కువ. తప్పేం లేదు. కాకపోతే రెండింటికీ అదే బిల్లు నంబరును ‘ఎగెనెస్ట్ రెఫ్’గా ఇవ్వాలి. జర్నల్‌కు ‘ఆన్ అకౌంట్’ అని పెట్టారంటే ఆ బిల్లు 665 బాకీతో ఎప్పటికీ అవుట్‌స్టాండింగ్‌లో వేలాడుతుంది.

ఇన్‌పుట్ పన్ను తగ్గించాలా అని చాలామందికి అనుమానం. అది సప్లయర్ ఇచ్చే క్రెడిట్ నోట్‌ను బట్టి ఉంటుంది. జీఎస్టీ లేకుండా కేవలం 665కు ఫైనాన్షియల్ క్రెడిట్ నోట్ ఇస్తే, సప్లయర్ తన పన్నును తగ్గించుకోలేదు కాబట్టి మీరూ రివర్స్ చేయనక్కర్లేదు. 2025 సెప్టెంబర్‌లో వచ్చిన 251వ నంబర్ సర్క్యులర్ ఈ మాటను స్పష్టంగానే చెప్పింది. అదే సప్లయర్ సెక్షన్ 34 కింద పన్నుతో కలిపి క్రెడిట్ నోట్ ఇచ్చాడంటే, అది 665 ప్లస్ పన్ను 119.70, మొత్తం 784.70. అప్పుడు మీకు మిగిలిన డిస్కౌంట్ 665 మాత్రమే, 119.70 ఇన్‌పుట్ పన్నులోంచి వెనక్కి పోవాలి. ఆ నోట్ 2బీలో కూడా కనబడుతుంది.

గమనించారా, బిల్లు మొత్తం మీద రెండు శాతం అన్నా 784.70, పన్నుతో కూడిన నోట్ వచ్చినా 784.70. బ్యాంకు నుంచి పోయే డబ్బు రెండు చోట్లా 38,450.30. కానీ మొదటిదాంట్లో 784.70 అంతా మీ ఆదాయం, రెండోదాంట్లో 665 మాత్రమే. బ్యాంకు స్టేట్‌మెంట్ చూసి తేల్చలేరు, క్రెడిట్ నోట్ చేతిలో ఉండాలి. ఏ నోటూ లేకుండా మీ అంతట మీరే తగ్గించి పంపితే సప్లయర్ పుస్తకంలో ఆ మొత్తం బాకీగానే ఉంటుంది, బ్యాలెన్స్ కన్ఫర్మేషన్ వచ్చిన రోజున రెండు లెక్కలూ కలవవు.

కొన్ని బిల్లుల్లో పన్ను వేశాక, మొత్తం కింద ‘లెస్ సీడీ’ అని ముద్రించి, నికర మొత్తాన్ని చూపిస్తారు. చూడగానే బిల్లే తక్కువకు వచ్చిందనిపిస్తుంది. పన్ను మాత్రం 33,250 మీదే వేశారు కాబట్టి కొనుగోలు 33,250, ఇన్‌పుట్ పన్ను 5,985. అందులో మార్పు లేదు. ఆ తగ్గింపుకు గడువు షరతు ఉంటే కట్టిన రోజునే రాయండి. షరతేమీ లేకుండా ఇచ్చేస్తే మాత్రం సప్లయర్‌కు ఇవ్వాల్సింది మొదటి రోజు నుంచే తక్కువ, బిల్లు ఎంట్రీతోపాటే రాయొచ్చు. పెన్నుతో గీసి ‘2% పోను’ అని రాసింది కూడా ఇలాంటిదే. సేల్స్‌మన్ పెన్ను గీతతో పన్ను మారదు.

షాపు యజమానులకు ఒక్క విన్నపం. మొత్తం కనబడేలా బిల్లు మధ్య భాగాన్ని ఫోటో తీసి పంపితే సరిపోదు. గడువు షరతులన్నీ అడుగునో వెనుక పేజీలోనో ఉంటాయి. నాలుగు మూలలూ ఫ్రేమ్‌లో పడాలి, వెనుక ఏదైనా అచ్చయి ఉంటే దానికీ ఒక ఫోటో కావాలి. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపితే అంకెలు నలిగిపోవు. ఈ-ఇన్వాయిస్ అయితే క్యూఆర్ కోడ్ తెగకుండా చూడండి. దాన్ని స్కాన్ చేస్తే బిల్లు నంబరు, తేదీ, మొత్తం విలువ దొరుకుతాయి. డిస్కౌంట్ వివరం మాత్రం అందులో ఉండదు, దానికి కాలమ్‌లు కనబడే ఫోటోయే కావాలి.